ముక్కడం కాదు... బిగబట్టడం!

ఇంట్లో రెండు, మూడేళ్ల పిల్లలుంటే ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. ఆడుకుంటున్న పిల్లాడు ఉన్నట్టుండి ఆగిపోతాడు. సోఫా అంచో మంచం కోడో పట్టుకుని మునివేళ్ల మీద నిలబడతాడు. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, లేదంటే ఒకదాని మీద ఒకటి మెలేసుకుంటాడు. మొహం ఎర్రబడుతుంది. కొందరైతే కర్టెన్ వెనక్కో, తలుపు మూలకో వెళ్లి దాక్కుంటారు. రెండు నిమిషాలు గడిచాక ఏమీ జరగనట్టు మళ్లీ ఆటలో పడిపోతారు. ‘పాపం, ఎంత ముక్కినా రావడం లేదు’ అని మీరు జాలిపడతారు.

నిజానికి అది ముక్కడం కాదు. వచ్చేదాన్ని రాకుండా ఆపడం. మలవిసర్జన చేయాలనుకునే పిల్లలు మోకాళ్లు మడిచి కిందికి కుంగుతారు. కాళ్లు చాపి, పిరుదులు బిగించి, నిటారుగా నిలబడితే మాత్రం బిగబట్టుకుంటున్నారని అర్థం. ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ‘రావడం లేదు’ అనుకున్నప్పుడు మనం చేసే పనులన్నీ బయటికి నెట్టడం మీదే ఉంటాయి. గంటసేపు కమోడ్ మీద కూర్చోబెట్టడం, గదమాయించడం, సబ్బుముక్క పెట్టడం, తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టడం ఇలాంటివే. ‘ఆపుతున్నాడు’ అని తెలిస్తే మనం అడిగే ప్రశ్నే మారుతుంది. ఎందుకు ఆపుతున్నాడు?

దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే. నొప్పికి భయపడి. ఎప్పుడో ఒకసారి మలం గట్టిగా, లావుగా వచ్చి ఉంటుంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు సరిగా తినకపోవడం, తాగకపోవడం వల్ల కావచ్చు. తల్లిపాలు మాని డబ్బాపాలకో ఆవుపాలకో మారినప్పుడు కావచ్చు. వేసవి ప్రయాణంలో కావచ్చు. అప్పుడు మలద్వారం దగ్గర చర్మం కాస్త చీరుకుంటుంది. దీన్నే ఫిషర్ అంటాం. మంట పుడుతుంది, మలం మీద ఎర్రటి చార కనిపిస్తుంది. రెండేళ్ల పిల్లాడు దాన్నుంచి నేర్చుకునే పాఠం ఒక్కటే. వెళ్తే నొప్పి, కాబట్టి వెళ్లకూడదు. వాడి లెక్కలో అందులో తప్పేమీ లేదు. చిక్కంతా ఆపిన తర్వాత మొదలవుతుంది.

పెద్దపేగు చివరి భాగానికి చేరిన మలం ఎంతసేపు అక్కడే ఉంటే అంతగా దాంట్లోని నీరు పేగులోకి ఇంకిపోతుంది. ఈరోజు మెత్తగా ఉన్నది నాలుగో రోజుకు రాయిలా తయారవుతుంది. దాని మీద ఇంకా వచ్చి చేరుతూ ఉంటే ఆ రాయి లావవుతుంది. అయిదారు రోజుల తర్వాత ఇక ఆపలేక బయటికి వచ్చేసరికి మొదటిసారి కంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. పిల్లాడి భయం నిజమేనని మళ్లీ రుజువవుతుంది. ఇలా వారాలు గడిస్తే పేగు చివరి భాగం సాగిపోతుంది. కొంచెం నిండగానే ‘వెళ్లాలి’ అని చెప్పాల్సిన కబురు రావడం మానేస్తుంది. అప్పుడు పిల్లాడు ‘నాకు రావడం లేదు’ అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు, వాడికి నిజంగానే తెలియడం లేదు.

మరో విషయం చాలా ఇళ్లలో తికమక పెడుతుంది. లోపల గట్టి ఉండ అడ్డంగా ఉంటే పైనుంచి వచ్చే పల్చటి మలం దాని పక్కల నుంచి జారి డ్రాయరుకు మరకలుగా అంటుకుంటుంది. రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా అలా కనిపిస్తే ఎవరికైనా విరేచనాలనిపిస్తుంది. మందుల షాపులో అడిగి విరేచనాలు ఆపే మందు తెచ్చి పోస్తారు. దాంతో పేగు ఇంకా మందగిస్తుంది. మీ పిల్లాడికి వారం రోజులుగా సరైన మలవిసర్జన లేకుండా ఉన్నట్టుండి ‘పల్చగా’ మొదలైతే, ఆపే మందు జోలికి పోకుండా ముందు పొట్ట పరీక్ష చేయించండి.

మా ప్రభుత్వాసుపత్రి ఓపీకి ఒక మే నెలలో వచ్చిన బాబు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో మీ ఇంటి కథ కూడా ఎంతో కొంత ఉంటుంది. వయసు రెండున్నరేళ్లు, బరువు 12 కిలోలు. తల్లితో పాటు నానమ్మ కూడా వచ్చారు. ‘డాక్టరుగారూ, పిల్లోడు తెగ ముక్కుతున్నాడు, మళ్లీ చూస్తే మోషన్స్ అవుతున్నాయి, మాకేమీ అర్థం కావట్లేదు’ అన్నారావిడ. ఏప్రిల్లో జ్వరం వచ్చిందట. తర్వాత గట్టిగా, నెత్తురు చారతో ఒకసారి దొడ్డికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే జూన్‌లో నర్సరీలో చేర్చాలని నిర్ణయించారు. డైపరు లేకుండా రావాలని స్కూలువాళ్లు చెప్పారు. దాంతో డైపరు తీసేసి పెద్దవాళ్ల కమోడ్ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. కూర్చోబెట్టగానే ఏడుపు. అప్పటినుంచి అయిదు రోజులకో, ఆరు రోజులకో ఒకసారి, అదీ కమోడ్‌లో నీళ్లు పోసినా పోనంత లావుగా.

ఏం తింటున్నాడని అడిగితే ‘ఏమీ తినడండీ, పాలే’ అంది తల్లి. సీసాతో నాలుగుసార్లు పాలు, రోజుకు దాదాపు 900 మిల్లీలీటర్లు. పెరుగన్నం, బిస్కెట్లు. పొట్ట చూస్తే ఎడమవైపు కింద గట్టి ముద్ద చేతికి తగిలింది. మలద్వారం దగ్గర మానీ మానని చీలిక ఉంది. ఎత్తూ బరువూ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. నడక బాగుంది, వెన్ను కింది భాగం మామూలుగా ఉంది. పుట్టిన మొదటి రోజే మలం వెళ్లాడని తల్లి చెప్పింది. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడు ఎక్స్‌రేలు, స్కానింగులు, రక్తపరీక్షలు అక్కర్లేదు. మేమూ చేయించలేదు.

చికిత్సలో మొదటి పని లోపల పేరుకున్నదాన్ని ఖాళీ చేయడం. ఇది కూరలతో, పండ్లతో అయ్యే పని కాదు. ఈ దశలో ఇసబ్గోల్ లాంటివి పోస్తే మూసుకుపోయిన కాలువలోకి ఇంకాస్త చెత్త వేసినట్టే. పాలిథిలీన్ గ్లైకాల్ అనే పొడిని నీళ్లలో కలిపి తాగించాం. ఖాళీ చేయడానికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల చొప్పున మూడు నుంచి ఆరు రోజులు ఇస్తాం. ఈ బాబుకు రోజుకు 15 గ్రాములు, రెండు పూటలుగా ఇచ్చాం. మూడో రోజు తల్లి ఫోన్ చేసింది. ముందు గట్టి ఉండలు, తర్వాత నీళ్లలా చాలాసార్లు వెళ్తున్నాడట, మందు ఆపేయమంటారా అని. ఆపకూడదు, అదే మనకు కావాల్సింది. ఉండలన్నీ పోయి పల్చగా మాత్రమే వస్తూ, పొట్టలో ముద్ద చేతికి తగలకుండా పోతే ఖాళీ అయినట్టు. ఆ నాలుగైదు రోజులు ప్రయాణాలూ పెళ్లిళ్లూ పెట్టుకోకండి. ఈ మోతాదులు చదివి సొంతంగా మొదలుపెట్టొద్దు. పొట్ట చూసి, బరువు చూసి డాక్టరే నిర్ణయించాలి. మీకు రాసిన మోతాదు చూసి ‘ఇంతా?’ అని బెదిరిపోకుండా ఉండాలనే ఈ అంకెలు చెబుతున్నాను.

రెండో దశ అసలైనది, ఎక్కువమంది వదిలేసేది. అదే మందు తక్కువ మోతాదులో రోజూ ఇవ్వాలి. కిలోకు 0.4 గ్రాముతో మొదలుపెడితే ఈ బాబుకు దాదాపు 5 గ్రాములు. కొందరికి లాక్టులోజ్ సిరప్ రాస్తాం. అదీ ఇలాగే పనిచేస్తుంది, కాకపోతే కాస్త గ్యాస్ పడుతుంది. మలం బాగా మగ్గిన అరటిపండు గుజ్జులా ఉంటే మోతాదు సరిపోయినట్టు. ఇంకా గట్టిగా ఉంటే కొంచెం పెంచాలి, నీళ్లలా ఉంటే కొంచెం తగ్గించాలి. కనీసం రెండు నెలలు ఇవ్వాలి. నెల రోజులపాటు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాకే తగ్గించడం మొదలుపెట్టాలి. టాయిలెట్ అలవాటు ఇంకా పూర్తికాని పిల్లలైతే అది పూర్తయ్యేదాకా ఆపకూడదు.

‘అలవాటైపోదా డాక్టరుగారూ?’ అని ప్రతి తల్లీ అడుగుతుంది. ఆ బాబు నానమ్మా అడిగారు. ఈ పొడి పేగును కొట్టి లేపే మందు కాదు. నీటిని తనతో పట్టి ఉంచుకుని మలాన్ని మెత్తగా ఉంచుతుంది, ఒంట్లోకి దాదాపు ఇంకకుండానే బయటికి పోతుంది. దీనికి పేగు అలవాటు పడదు. రెండు వారాలకే ఆపేసి, మళ్లీ గట్టిపడి, మళ్లీ నొప్పి తిరగబెట్టాక ‘మందు ఉన్నంతసేపే బాగుంది’ అని మందునే తప్పుబట్టడం మాత్రం నేను వారంవారం చూస్తూనే ఉన్నాను. సాగిన పేగు మళ్లీ బిగువుకు రావడానికి, పిల్లాడి మనసులోంచి నొప్పి జ్ఞాపకం చెరిగిపోవడానికి నెలలు పడుతుంది. సబ్బుముక్క, తమలపాకు కాడ, పదేపదే ఎనిమా మాత్రం వద్దు. నొప్పి పెట్టిన చోటే మళ్లీ కెలికితే పిల్లాడు ఇంకా గట్టిగా బిగించుకుంటాడు. ఆముదం తాగించడం కూడా మంచిది కాదు, కడుపులో మెలిపెడుతుంది.

ఇక తిండి సంగతి. ఆహారంతోనే అంతా సరిచేద్దామనుకునేవాళ్లకు ఈ మాట నిరాశ కలిగించవచ్చు. ఒకసారి బిగబట్టడం మొదలయ్యాక ఒక్క తిండి మార్పుతో తగ్గడం అరుదు. మందు పక్కన పెట్టి రోజూ కూరలు కుక్కితే అన్నం దగ్గర కూడా యుద్ధం మొదలవుతుంది. తిండి పని, మెత్తబడినదాన్ని మళ్లీ గట్టిపడనివ్వకుండా చూడటం. అందులో మొట్టమొదటి మార్పు చేర్చడం కాదు, తగ్గించడం. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. అంతకుమించి తాగితే కడుపు నిండి అన్నం తినరు. ఆ బాబుకు ముందు రాత్రి సీసా, తర్వాత మధ్యాహ్నం సీసా మాన్పించి, మిగతా పాలు గ్లాసుతో ఇమ్మన్నాం. వారం రోజులు గోల చేశాడు, రెండో వారం నుంచి పప్పన్నం అడగడం మొదలుపెట్టాడు.

పీచు ఎంత కావాలో లెక్కకు ఒక తేలిక గుర్తు ఉంది. రెండేళ్లు దాటిన పిల్లలకు వయసుకు అయిదు కలపండి, అన్ని గ్రాములు. అంటే మూడేళ్ల పిల్లాడికి ఎనిమిది గ్రాములు. మనింటి వంటలోనే ఇది తేలిగ్గా సరిపోతుంది. తోటకూర పప్పో పాలకూర పప్పో కలిపిన అన్నం, నాలుగు ముక్కలు బెండకాయ లేదా చిక్కుడుకాయ కూర, పొట్టు పెసలతో వేసిన చిన్న అట్టు, సాయంత్రం బొప్పాయి ముక్కలు లేదా గింజలు తీసిన మగ్గిన జామపండు. బేరిపండు, ఎండు ప్లమ్స్ ప్రత్యేకంగా మేలు చేస్తాయి. వాటిలోని సార్బిటాల్ అనే చక్కెర నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది. ఎండుద్రాక్షలు ఇవ్వాలంటే రాత్రి నానబెట్టి పొద్దున మెదిపి ఇవ్వండి, ఈ వయసులో గుండుగా ఇస్తే గొంతుకు అడ్డం పడొచ్చు. నీళ్లు దాహానికి సరిపడా తాగితే చాలు. లీటర్లకొద్దీ తాగించినా ఎక్కువైంది మూత్రంలో పోతుందే తప్ప మలాన్ని మెత్తబరచదు. అవసరమైన తిండి, మందు అన్నీ ఇస్తున్నా మెత్తబడకపోతే, కొద్దిమందిలో ఆవుపాలలోని ప్రొటీన్ పడకపోవడం కారణం కావచ్చు. అప్పుడు డాక్టర్ సలహాతో రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు పూర్తిగా ఆపి చూస్తాం. మీ అంతట మీరు నెలల తరబడి మాన్పించవద్దు.

టాయిలెట్ అలవాటు గురించి నేను తల్లిదండ్రులకు చెప్పే మొదటి మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. డైపరు మళ్లీ వేయండి. మలం గట్టిగా ఉన్నన్నాళ్లూ శిక్షణ ఆపేయండి. నొప్పి పెట్టే పనిని కొత్త చోట, కాళ్లు వేలాడుతున్న కమోడ్ మీద, అమ్మ గదమాయిస్తుండగా చేయమంటే ఏ పిల్లాడు చేస్తాడు? స్కూలు తెరిచే తేదీని బట్టి పిల్లాడి పేగు పనిచేయదు. ఆ బాబు అమ్మానాన్నలు నర్సరీని రెండు నెలలు వాయిదా వేశారు. అలా వీలుకానివాళ్లు స్కూలుతో మాట్లాడాల్సిందే. డైపరు లేకపోతేనే చేర్చుకుంటామనే ప్లేస్కూళ్లు ఆ నిబంధన కొంత సడలించుకోవాలని, ఆయా చేత మార్పించే ఏర్పాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. రెండున్నరేళ్ల వయసులో కొందరు సిద్ధంగా ఉంటారు, కొందరు మూడు దాటాకే సిద్ధమవుతారు.

కనీసం రెండు మూడు వారాలు మెత్తగా, నొప్పి లేకుండా వెళ్తున్నాక మెట్టు మెట్టుగా మొదలుపెట్టండి. ఆ బాబు కర్టెన్ వెనక నిలబడి డైపర్లో వెళ్లేవాడు. ముందు డైపరుతోనే బాత్రూంలో నిలబడి వెళ్లమన్నాం. అది అలవాటయ్యాక డైపరుతోనే చిన్న పాటీ కుర్చీ మీద కూర్చోవడం. తర్వాత డైపరును వదులుగా కట్టి, ఆ పైన కుర్చీలో పరిచి, చివరికి తీసేశారు. ఒక్కో మెట్టుకు వారం, పది రోజులు పట్టింది. ఒక మెట్టు దగ్గర బిగబట్టడం మళ్లీ కనిపిస్తే వెనక్కి ఒక మెట్టు దిగడమే.

కూర్చోబెట్టడానికి మంచి సమయం తిన్న తర్వాత పది నుంచి ముప్పై నిమిషాల లోపు. పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు సహజంగానే కదులుతుంది. అయిదు నిమిషాలకు మించి కూర్చోబెట్టొద్దు, వచ్చినా రాకపోయినా లేపేయండి. పాదాలు గాలిలో వేలాడకూడదు. కమోడ్ అయితే చిన్న రింగు సీటు, కాళ్ల కింద పీట, మోకాళ్లు నడుము కంటే కాస్త ఎత్తుగా ఉండాలి. మన అమ్మమ్మలు కాళ్లు చాపి, పాదాల మీద పసివాళ్లను కూర్చోబెట్టుకునేవారు గుర్తుందా? మోకాళ్లు మడిచి, వీపుకు ఆసరాతో కూర్చునే ఆ పద్ధతి నిజానికి ఎంతో సరైనది. ఫ్లష్ చప్పుడుకు భయపడేవాళ్లుంటారు, పిల్లాడు బయటికొచ్చాక నొక్కండి. వచ్చినప్పుడు మెచ్చుకోవడం సరే, కానీ కూర్చున్నందుకే మెచ్చుకోండి. రానందుకు తిట్టడం, పక్కింటి పాపతో పోల్చడం, డ్రాయరు పాడుచేస్తే కొట్టడం చేస్తే బిగబట్టడమే పెరుగుతుంది. ఆ మరక వాడి చేతిలో లేదు. మరొకటి, మన ఇళ్లలో మలానికి పిల్లల భాషలో ‘ఛీఛీ’ అనే పేరు ఉంది. మొహం చిట్లించి ఆ మాట అంటుంటే, తన ఒంట్లోంచి వచ్చేది అసహ్యమని పిల్లలు నేర్చుకుంటారు. వేరే పేరేదైనా పెట్టుకోండి.

ఆగస్టు చివరికి ఆ బాబు పాటీ కుర్చీ మీద వెళ్లడం మొదలుపెట్టాడు. దసరాకు అమ్మమ్మగారింటికి వెళ్లి పది రోజులు మందు మరిచిపోయారు. మళ్లీ మునివేళ్ల మీద నిలబడటం మొదలైంది. ఈసారి తల్లి వెంటనే గుర్తుపట్టింది కాబట్టి పేరుకోకముందే మందు మళ్లీ మొదలుపెట్టాం. డిసెంబరు నుంచి రెండు మూడు వారాలకోసారి కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చి, ఫిబ్రవరిలో ఆపేశాం. ఇలా మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగబెట్టడం మామూలే. ప్రయాణం, జ్వరం, ఇంట్లోకి చెల్లి రావడం, స్కూల్లో బాత్రూం నచ్చకపోవడం లాంటి సందర్భాల్లో మలం గట్టిపడటం, లేదా మూడు రోజులు వెళ్లకపోవడం కనిపించగానే మందు అందుకుంటే వారంలో సర్దుకుంటుంది.

పై మాటలన్నీ ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలకే వర్తిస్తాయి. కొందరిలో మలబద్ధకం వెనుక వేరే జబ్బు ఉంటుంది. పుట్టాక రెండు రోజులు దాటినా మొదటి మలం రాకపోవడం, నెల లోపే మలబద్ధకం మొదలవడం లాంటివి ఉంటే పుట్టుకతోనే పేగు చివర నరాలు లేకపోవడమనే సమస్య కావచ్చు. దానికి ఆపరేషన్ కావాలి. బరువు పెరగకపోవడం, మందకొడిగా ఉండటం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయిస్తాం. నడక తడబడటం, కాళ్లలో బలం తగ్గడం, నడుము కింద వెన్ను మీద గుంటో వెంట్రుకల కుచ్చో ఉండటం వెన్నుపాముకు సంబంధించినవి కావచ్చు. పొట్ట బాగా ఉబ్బి, పచ్చటి వాంతులవుతూ, జ్వరం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ల కోసం ఆగకుండా అదే పూట దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.